బీరువాలో పిగిలిన పట్టు: పాత చీరను గౌనుగా మార్చడంలో మడతల లెక్క

అమ్మ పెళ్లి పట్టుచీరతో కూతురికి పొడవు గౌను కుట్టించడం ఇప్పుడు తెలుగు ఇళ్లలో మామూలు విషయమైపోయింది. అలా కుట్టించిన గౌన్లలో కొన్ని ఏళ్ల తరబడి నిలుస్తాయి. మరికొన్ని మొదటి శుభకార్యంలోనే వీపు మీద నిలువుగానో, మోకాలికి కాస్త పైన అడ్డంగానో పిగిలిపోతాయి. పిగిలినప్పుడు టైలరు బట్టలో పస లేదంటాడు, ఇంటివాళ్లు కుట్టు సరిగా లేదంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ అసలు కారణం చాలాసార్లు ఈ రెండింటి మధ్య ఉంటుంది. చీరలో ఎక్కడ బలం తగ్గిందో, గౌనులో ఎక్కడ లాగుడు పడుతుందో పక్కపక్కన పెట్టి చూడకుండానే కత్తెర పడడం ఆ కారణం. ఒకే చీర, ఒకే టైలరు, ఒకే కొలతలు అయినా, ముక్కలను చీర మీద ఒక జానెడు అటూ ఇటూ జరిపి పరిస్తే ఫలితం మారిపోతుంది. ఎందుకు మారుతుందో తెలియాలంటే చీర ఎలా పాతబడుతుందన్న దగ్గర మొదలుపెట్టాలి.

## మచ్చ వేరు, చిరుగు వేరు, పస తగ్గడం వేరు

పాత చీరను పరిచి చూస్తే మొదట కంటపడేవి మచ్చలు. పసుపు, కుంకుమ, పులుసు మరకలు, అంచు కింద ఫాల్ కప్పిన మేర వెలిసిపోకుండా మిగిలిన ముదురు పట్టీ, పిన్ను గుచ్చిన రంధ్రాలు. ఇవి చూపుకు సంబంధించిన లోపాలు. మరక ఉన్నంత మాత్రాన అక్కడ బట్ట బలహీనమైనట్టు కాదు. ఆ భాగాన్ని కుట్టులోకో, కుచ్చుల చాటుకో పంపితే సరిపోతుంది. చిరుగు కూడా ఒక రకంగా నిజాయితీగల లోపమే. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, దాన్ని తప్పించి కత్తిరించవచ్చు.

మోసం చేసేది మూడోది, పస తగ్గడం. బట్ట చూడడానికి నిండుగానే ఉంటుంది, రంగు తగ్గదు, మెరుపు తగ్గదు, కానీ దారం తన బలంలో చాలా భాగాన్ని పోగొట్టుకుని ఉంటుంది. పట్టు ఒక మాంసకృత్తు. చెమట, ఎండ, క్షారం ఎక్కువున్న సబ్బు దాన్ని లోపలినుంచి పెళుసు చేస్తాయి. పెళుసెక్కిన దారం నేరుగా ఉన్నంతకాలం ఓర్చుకుంటుంది, వాడిగా వంచిన చోట తెగుతుంది. అందుకే నూలు చీర ఒంటి మీద పాడవుతుంది, పట్టు చీర బీరువాలో పాడవుతుంది. నూలు చీరకు రాపిడి శత్రువైతే, ఏడాదికి రెండుసార్లు కట్టి మిగతా రోజులంతా అదే మడతలో ఉంచిన పట్టుచీరకు మడతే శత్రువు.

ఈ బలహీనతను చేత్తో పట్టుకోవచ్చు. అనుమానమున్న చోట రెండు బొటనవేళ్లను రెండంగుళాల దూరంలో ఆనించి, బట్టను మెల్లగా వేరువైపులకు లాగి చూస్తారు. మంచి పట్టు సాగినట్టయి తిరిగి సర్దుకుంటుంది. చచ్చిన పట్టు సన్నగా చిటపటమంటుంది, లేదా వెలుతురుకు పట్టి చూస్తే లాగిన గీత వెంట చిన్న చిన్న సందులు కనిపిస్తాయి. ఈ పరీక్షను ఒకసారి నిలువుగా, మరోసారి అడ్డంగా చేయాలి. రెండు దిక్కుల్లో జవాబు ఒకటే కాకపోవచ్చు, ఇక్కడ అసలు విషయమంతా ఆ తేడాలోనే ఉంది. ఒక జాగ్రత్త: కుట్టించడానికి ముందు చీరను పాలిష్‌కు ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర బిగువుగా, కొత్తదానిలా కనిపిస్తుంది. ఆ బిగువు గంజిది, దారానిది కాదు. పరీక్ష పాలిష్‌కు ముందే జరగాలి.

## పడుగు, పేక, మడత: తెగేది ఏ దారం

చీర పొడవునా మగ్గం మీద బిగించి ఉండేవి పడుగు దారాలు. వాటికి అడ్డంగా, ఒక అంచు నుంచి మరో అంచుకు నాడె వెంట తిరిగేది పేక. చీర కట్టినప్పుడు పడుగు ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతుంది, పేక నడుము నుంచి పాదం వైపు నిలువుగా దిగుతుంది. బజారులో తానుల నుంచి కొనే గుడ్డతో కుట్టే గౌనులో సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది, పడుగు నిలువుగా వస్తుంది. చీరతో కుట్టేటప్పుడు అంచు కింద రావాలని అందరూ కోరుకుంటారు కాబట్టి నిలువు బరువంతా పేక మీద పడుతుంది.

మడత ఎటు పడితే దానికి అడ్డంగా పోయే దారం వంగుతుంది. చీరను ముందుగా పన్నా సగానికి, అంటే వెడల్పును సగానికి మడుస్తారు. దానివల్ల నట్టనడుమ, చీర పొడవునా ఒక గీత పడుతుంది. ఆ గీత పడుగుకు సమాంతరం, కాబట్టి అక్కడ వంగి విరిగేది పేక. ఆ తరువాత పొడవును సగానికి, మళ్లీ సగానికి మడుస్తారు. ఆ గీతలు అంచు నుంచి అంచుకు అడ్డంగా పడతాయి, వాటి దగ్గర వంగేది పడుగు. జరీ ఉన్న చోట నష్టం ఇంకా ఎక్కువ. అసలు జరీ అంటే దారం చుట్టూ చుట్టిన సన్నని వెండి రేకు, దాని మీద బంగారు పూత. రేకు ఒకే చోట మళ్లీ మళ్లీ వంగితే పగులుతుంది. కొంగులో జరీ పేకగా నడుస్తుంది కాబట్టి కొంగు నడిమి గీత దగ్గర జరీ వరుసగా తెగి మీసాల్లా లేచి ఉండడం పాత చీరల్లో తరచూ కనిపించే దృశ్యం.

అన్ని మడతలూ ఒకే లోతు కావు. పొరలు కొన్నే ఉన్నప్పుడు పడిన మడత వాడిగా ఉంటుంది. పదహారు పొరల కట్టను చివరగా మధ్యకు మడిస్తే బయటి పొరలు గుండ్రంగా తిరుగుతాయి, లోపలి పొరల్లోనే గీత గట్టిగా పడుతుంది. అందువల్ల ఒకే మడతకు చెందిన గీత ఒక చోట ప్రమాదకరంగా, మరో చోట పేరుకు మాత్రమే ఉండవచ్చు. ప్రతి గీతను విడిగా పరీక్షించక తప్పదు.

## గౌనులో లాగుడు ఎక్కడ పడుతుంది

గౌను ఒంటి మీద ఉన్నప్పుడు బట్ట మీద పడే బలాలు రెండు రకాలు. మొదటిది పై భాగంలో అడ్డంగా పడే లాగుడు. చేతులు ముందుకు చాపినా, వంగి ఏదైనా అందుకున్నా వీపు వెడల్పవుతుంది. ఆ సాగుడంతా వీపు ముక్క మీద, రెండు చంకల కుట్ల మధ్య పడుతుంది. ముందు భాగంలో మెడ కింద ఇంత లాగుడు ఉండదు. చేతి ముక్కకు మోచేయి వంగేచోట కొంత ఉంటుంది, పొట్టి చేతులైతే అదీ తక్కువే. రెండోది కింది భాగంలో నిలువుగా పడే బరువు. కుచ్చులు పోసిన పట్టు, దాని చివర జరీ అంచు మొత్తం నడుము కుట్టు నుంచి వేలాడుతుంది. కూర్చుని లేచేటప్పుడు అంచు కాలి కింద పడిందంటే ఆ కుదుపు మోకాలి నుంచి నడుము వరకు నిలువుగా పాకుతుంది.

ఇప్పుడు పై రెండు విషయాలనూ కలిపి చూడాలి. అంచు కింద వచ్చేలా కత్తిరించిన గౌనులో, పన్నా సగానికి మడిచిన గీత మోకాలికి పైన ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతుంది. ఆ గీత దగ్గర తెగి ఉన్నది పేక, కింది బరువును మోయాల్సినదీ పేకే. అంటే గౌను తన బరువునంతా తెగిన దారాల మీద వేలాడదీసుకుంటోంది. మొదటి శుభకార్యంలోనే మోకాలి పైన అడ్డంగా చీలిపోవడంలో వింతేమీ లేదు. పొడవు మడతల గీతల సంగతి వేరు. అవి కింది భాగంలో నిలువుగా దిగుతాయి, అక్కడ తెగిన పడుగు మీద బరువు దాదాపు ఉండదు. కుచ్చులు వదులుగా ఉంటాయి కాబట్టి అడ్డంగా లాగేదీ లేదు. కానీ అదే గీత వీపు ముక్క నడుమ పడితే అడ్డపు లాగుడుకు నేరుగా ఎదురవుతుంది.

ఈ లెక్కను ఒక్క మాటలో చెప్పుకోవచ్చు: పన్నా మడత గీత కింది భాగానికి శత్రువు, పొడవు మడత గీత పై భాగానికి శత్రువు.

## ఒక ధర్మవరం చీర లెక్క

నేను దగ్గరుండి చూసిన ఒక చీరతో ఇదంతా వివరిస్తాను. పాతికేళ్ల నాటి ధర్మవరం పట్టు. రవిక ముక్క అప్పట్లోనే కత్తిరించేశారు, మిగిలింది అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. పన్నా 46 అంగుళాలు. కింది అంచు పెద్దది, పై అంచు 3 అంగుళాలది. కావలసింది భుజం నుంచి నేల దాకా 54 అంగుళాల గౌను. అందులో పై భాగం 15, కింది భాగం 39. ఛాతీ 34 అంగుళాలు.

చీరను నేల మీద పరిచి, లోపలి చెంగు దగ్గర సున్నాగా, కొంగు చివర 216గా పొడవునా టేపు పెట్టారు. ఎత్తును కింది అంచు నుంచి కొలిచారు. సుద్ద గీతలు పట్టు మీద నిలిచిపోవచ్చని, లోపాల చుట్టూ వదులుగా దారంతో టాకాలు వేశారు. తెగిన చోట ఎర్రదారం, పలచబడిన చోట పసుపు దారం, వట్టి మరకకు తెల్లదారం.

టాకాలు పూర్తయ్యాక చీర తన చరిత్రను తానే చెప్పింది. సున్నా నుంచి 40 వరకు నడుముకు తిరిగే మొదటి చుట్టు. అందులో 8 నుంచి 35 వరకు కింది అంచు మడమల కింద పడి పీచులేచింది. 40 నుంచి 100 వరకు కుచ్చిళ్లు. వాటిలో 62 నుంచి 66 మధ్య మెట్టె తగిలి పడిన చిరుగు ఒకటి. సున్నా నుంచి వంద దాకా పై అంచు బొడ్డు దగ్గర దోపిన భాగం, చెమటకు జరీ నల్లబడింది. 100 నుంచి భుజం వరకు రెండో చుట్టు, పైట. 168 నుంచి 172 వరకు పన్నా అంతటా పిన్ను రంధ్రాలు. అక్కడి నుంచి కొంగు. ఇవన్నీ వాడకంలో వచ్చిన లోపాలు.

వీటి మీద మడతల గీతలను వేసి చూడాలి. పన్నా మడత 23 అంగుళాల ఎత్తున చీర మొత్తం పొడవునా నడుస్తోంది, ఎర్రదారం పడింది ప్రధానంగా దానికే. పొడవును మూడుసార్లు సగానికి మడవడం వల్ల 27, 54, 81, 108, 135, 162, 189 అంగుళాల దగ్గర అడ్డ గీతలున్నాయి. వాటిలో పడుగు పలచబడింది, పసుపు దారం. ఆఖరి మడతవల్ల ప్రతి రెండు గీతల మధ్యా ఇంకొక సన్నని గీత ఉంది. అది వెలుతురులోనే కనిపించింది, లాగితే చప్పుడు రాలేదు.

కింది భాగాన్ని ఒకే ముక్కగా తీయడానికి పన్నా సరిపోతుంది. 39 అంగుళాలకు కుట్టు వదులు, అంటే కుట్టు లోపలికి పోయే గుడ్డ, కలిపినా 46లో పడుతుంది. కానీ 23 దగ్గరి గీత నేల నుంచి 23 అంగుళాల ఎత్తున చుట్టూ తిరుగుతుంది. అందుకని కింది భాగాన్ని రెండు అంతస్తులుగా విడదీశారు. గీతకు ముప్పాతిక అంగుళం కింద, అంటే 22.25 దగ్గర ఒకసారి, ముప్పాతిక అంగుళం పైన 23.75 దగ్గర మరోసారి కత్తిరించి, నడుమ ఒకటిన్నర అంగుళాల పట్టీని తీసేశారు. కింది అంతస్తుకు అరంగుళం కుట్టులో పోగా 21.75 అంగుళాలు మిగిలింది. చీర అంచే గౌను అంచు కాబట్టి కింద మడవాల్సిన పని లేదు. పై అంతస్తును 23.75 నుంచి 42.25 వరకు తీశారు. కింద అరంగుళం, నడుము దగ్గర ముప్పాతిక అంగుళం కుట్టులో పోతే 17.25. రెండూ కలిపి కచ్చితంగా 39. పిగిలే గీత ఉండాల్సిన చోట ఇప్పుడు గట్టి కుట్టు ఉంది, చూసేవాళ్లకు అది కావాలని పెట్టిన ఫ్రిల్‌లా కనిపిస్తుంది.

కింది అంతస్తుకు ఘేరు బాగా కావాలి. అంచు పీచులేచిన తొలి 38 అంగుళాలను వదిలేసి, 38 నుంచి 61 వరకు ఒక ముక్క, మెట్టె చిరుగును దాటి 67 నుంచి 166 వరకు ఇంకో ముక్క తీశారు. 23, 99 కలిపి 122, రెండు అతుకుల కుట్లు పోగా 120 అంగుళాలు. అడ్డ గీతలు చాలానే ఇందులో పడ్డాయి, అవి నిలువుగా దిగుతాయి కాబట్టి అభ్యంతరం లేదు. పై అంతస్తుకు 60 నుంచి 134 వరకు 74 అంగుళాలు. మెట్టె చిరుగు అంచు దగ్గరే ఆగింది కాబట్టి ఈ ఎత్తులో దానితో పేచీ లేదు.

పై భాగం ముక్కల దగ్గర జాగ్రత్త రెట్టింపైంది. అవి రెండు అడ్డ గీతల మధ్య, ఆ 27 అంగుళాల కిటికీలోనే ఇమడాలి. ముందు ముక్క వెడల్పు సుమారు 20 అంగుళాలు, దాన్ని 27కు 54కు మధ్య పెట్టారు. సన్నని గీత ఒకటి 40.5 దగ్గర పోతుంది, అది ఛాతీ నడుమకు, లాగుడు తక్కువున్న చోటుకు వచ్చేలా చూసుకున్నారు. వీపుకు జిప్ ఉంది, అందువల్ల అది ఒక్కొక్కటి 11 అంగుళాల రెండు ముక్కలు. వాటిని 135, 162 మధ్య కిటికీలో, నడుమ 148.5 దగ్గరున్న సన్నని గీతకు అటొకటి ఇటొకటిగా పరిచారు. వీపు ముక్కల్లో ఏ గీతా లేదు. చేతులు మొదటి కిటికీ నుంచి, ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల్లో వచ్చాయి. చేతి చివర పట్టీకి పై అంచును 105 తర్వాతి భాగం నుంచి తీసుకున్నారు, అక్కడ చెమట తక్కువ.

కొంగు మిగిలింది. అందరూ ఆ కొంగును ముందు భాగంలో, ఛాతీ మీద పెట్టమంటారు. జరీ నిండుగా ఉంటుంది కాబట్టి ఆ కోరిక సహజమే. కానీ ఈ చీర కొంగులో 23 దగ్గర జరీ పేక వరుసగా తెగి ఉంది. పెడితే పెట్టవచ్చు, గీతకు ఒక పక్కన ఉన్న 22 అంగుళాల ఎత్తులోంచే తీయాలి. ఈ ఇంట్లో దాన్ని కోయకుండా దాచుకున్నారు.

## జతగా కత్తిరిస్తే లెక్క తప్పుతుంది

టైలరు సాధారణంగా గుడ్డను రెండు పొరలుగా మడిచి, అచ్చు ఒక సగానికే గీసి, ఒకే కోతలో కుడి ఎడమలు తీస్తాడు. కొత్త గుడ్డకు అది సరైన పద్ధతి. గుడ్డ ఏ చోట చూసినా ఒకటే, పైగా రెండు పక్కలూ సమానంగా వస్తాయి. పాత చీరకు ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే చీరలోని లోపాలకు కుడి ఎడమల పొంతన ఉండదు. పై పొరలో అచ్చు మంచి చోట పడి, కింది పొరలో మెట్టె చిరుగు మీద పడవచ్చు, అది కత్తిరించాక గానీ కనిపించదు.

అందువల్ల అచ్చును సగంగా కాక నిండుగా, కుడి ఎడమలు కలిపి కాగితం మీద గీసుకుని, చీరను ఒంటి పొరగా పరిచి, ఒక్కో ముక్కను విడిగా కత్తిరించడం తప్పనిసరి అవుతుంది. బుటాలున్న చీరైతే రెండు వీపు ముక్కల్లో బుటాలు ఒకే ఎత్తుకు రావాలన్న ఇంకో షరతూ చేరుతుంది. పని రెట్టింపవుతుంది. పాత చీరతో గౌను అంటే టైలర్లు కూలి ఎక్కువ అడగడానికి, లేదా అసలు వద్దనడానికి ఇదొక న్యాయమైన కారణం. ‘బట్ట మీరే ఇస్తున్నారు కదా, ఖర్చు తగ్గాలి కదా’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

## అస్తరు మోయాలా, పేస్టింగ్ మోయాలా

బలహీనమైన పట్టుకు వెనక నుంచి ఆధారం ఇవ్వాలన్నదాంట్లో అందరిదీ ఒకే మాట. ఆ ఆధారం ఎలాంటిదన్న దగ్గర కుట్టేవాళ్లు రెండు వర్గాలుగా ఉంటారు.

ఒక వర్గం పేస్టింగ్ వైపు. వెనక జిగురున్న పలుచని గుడ్డను ఇస్త్రీ పెట్టెతో అంటిస్తే తెగిన దారాలన్నీ చోటు కదలకుండా అతుక్కుంటాయి, పని త్వరగా అవుతుంది, పలచబడ్డ చోట్లు కూడా ముక్కల్లోకి వస్తాయి. వాళ్ల మాట కొట్టిపారేయలేనిది. పన్నా సరిపోక తప్పనిసరిగా గీత మీదుగా ముక్క తీయాల్సి వచ్చినప్పుడు వేరే దారి ఉండదు. రెండో వర్గం దాని ఇబ్బందులను చూపిస్తుంది. అంటుకోవడానికి కావలసిన వేడి పెళుసెక్కిన పట్టుకు మంచిది కాదు. అంటించాక పట్టు జాలువారే గుణం పోగొట్టుకుని అట్టలా నిలబడుతుంది. కొంతకాలానికి జిగురు ఊడి బుడగలు లేస్తే దాన్ని విప్పే మార్గం లేదు.

ఆ రెండో వర్గం ఎంచుకునేది అస్తరు. ఇక్కడ అస్తరంటే లోపల వదులుగా వేలాడే లైనింగ్ కాదు. ప్రతి ముక్కకూ అదే అచ్చుతో మెత్తని నూలు గుడ్డ కత్తిరించి, రెండింటినీ చుట్టూ టాకాలు వేసి, ఒకే గుడ్డగా భావించి కుట్టేస్తారు. వీపు దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. అస్తరు ముక్క వెడల్పును పట్టు ముక్క కంటే పావు అంగుళం తగ్గిస్తే, చేతులు చాపినప్పుడు ముందుగా బిగిసేది అస్తరు. పట్టు ఇంకా వదులుగానే ఉంటుంది కాబట్టి లాగుడు దానిదాకా రాదు. కింది అంతస్తులకూ ఇదే సూత్రం: అస్తరు కాస్త పొట్టిగా ఉంటే అంచు బరువు దాని మీద పడుతుంది. నా మట్టుకు వీపుకు అస్తరే మేలనిపిస్తుంది, మెడ చుట్టూ, చేతి పట్టీల దగ్గర ఎటూ బిగువు కావాలి కాబట్టి అక్కడ పేస్టింగ్ వాడుకోవచ్చు.

ఈ సందర్భంలో ఇంకొక లోపాన్ని వేరుచేసి చూడాలి. కుట్టు పక్కన బట్ట చిరగకుండానే, దారాలు జరిగి జల్లెడలా సందులు పడడం పట్టులో కనిపిస్తుంది. ఇది పస తగ్గడం వల్ల వచ్చేది కాదు. నునుపైన దారాలు లాగుడుకు కుట్టులోంచి జారిపోవడం వల్ల వచ్చేది, కొత్త పట్టులోనూ వస్తుంది. గుర్తుపట్టడం సులువు: దారాలు తెగి ఉంటే పిగలడం, తెగకుండా పక్కకు జరిగి ఉంటే జారడం. పిగిలినదానికి ముక్క మార్చాలి. జారినదానికి కుట్టు వదులు పెంచి, గౌనును కాస్త వదులు చేస్తే చాలు. కుట్టు మరీ దగ్గర దగ్గరగా వేయడం వల్ల జారడం ఆగుతుందనుకుంటారు గానీ, పాత పట్టులో దగ్గర కుట్టు వరుస రంధ్రాలై, చించడానికి గీసిన గీతలా పనిచేస్తుంది. సన్నని కొత్త సూది, మధ్యస్థమైన కుట్టు దీనికి తగినవి.

## జీన్స్‌కు ఈ లెక్క ఎందుకు వర్తించదు

జీన్స్ గుడ్డకు మడత భయం లేదు, దాని శత్రువు రాపిడి ఒక్కటే. అందులో నీలం దారాలు పడుగు, తెల్లవి పేక. నేత తీరువల్ల బయటి వైపు ఎక్కువగా తేలేది నీలం పడుగే, అందుకే రాపిడికి ముందుగా అరిగేదీ అదే. మోకాలి దగ్గర చిరిగిన జీన్స్‌లో అడ్డంగా మిగిలి వేలాడే తెల్లదారాలు పేక. అంటే జీన్స్‌లో లోపం తన్ను తానే చాటుకుంటుంది: రాపిడికి తెల్లబడిన చోట పడుగు అరుగుతున్నట్టు.

అరిగే చోట్లు కూడా ముందే తెలిసినవి. మోకాళ్లు, తొడల లోపలి వైపు, కూర్చునే చోటు, మడమ దగ్గరి చివర. వీటన్నింటికీ దూరంగా ఉండే పెద్ద ముక్క పిక్క వెనక భాగం, మోకాలి వెనక ముడతలు ఆగినచోటి నుంచి కింది మడత వరకు. లంగాకో జాకెట్‌కో వీపు ముక్కలు తీయదగ్గవి అవి. అయితే లోపాలను తప్పించడం సులువైనా, ఆకారం ఇరుకు. కాలు సాధారణంగా ఎనిమిది తొమ్మిది అంగుళాలకు మించి వెడల్పుండదు, మందపాటి పక్క కుట్లను కోసి తీసేస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి జీన్స్‌లో సమస్య ముక్కను ఎక్కడ పెట్టాలన్నది కాదు, ఎన్ని ముక్కలను అతికితే వీపంత వెడల్పు వస్తుందన్నది. సాగే జీన్స్ అయితే సాగుడు సాధారణంగా పేక వైపు ఉంటుంది. ముక్కను పక్కకు తిప్పితే గౌను అడ్డంగా సాగడం మాని కిందికి సాగుతుంది.

## కోయాలా, మానాలా

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఎవరి జవాబు వెనక ఏ లెక్క ఉందో చూడాలి. జరీ పాత చీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవాళ్లు చూసేది జరీలోని వెండిని. అసలు జరీ నిండుగా ఉన్న చీరకు వాళ్లిచ్చే ధర, గౌను కుట్టుకూలి, అస్తరు ఖర్చు పక్కపక్కన పెడితే అమ్మేయడమే లాభమనిపించవచ్చు. రఫూ చేసేవాళ్లు ఒకటి రెండు చిరుగులుంటే చీరను చీరగానే నిలపవచ్చంటారు, అది నిజమే. అయితే రఫూ చిరుగుకే గానీ పస తగ్గినదానికి పనిచేయదు. ఆధారంగా నిలవాల్సిన చుట్టుపక్కల దారాలు కూడా పెళుసుగా ఉంటే కొత్త దారం వాటిని చించుకుని వస్తుంది.

కోత వైపు మొగ్గేముందు పడుగును లాగి చూసే పరీక్ష ఒక గీటురాయి. గీతలకు దూరంగా, మడతే లేని చోట లాగినప్పుడు కూడా చిటపట వినిపిస్తే, ఆ చీరలో పస అన్ని చోట్లా పోయింది. ముక్కలను ఎంత తెలివిగా పరిచినా అలాంటి చీర వీపు ముక్కకు నిలవదు. దానిలోంచి అంచులను మాత్రం తీసి కొత్త గుడ్డకు వేసుకోవచ్చు. గీతల దగ్గర మాత్రమే చప్పుడు వచ్చి, గీతల మధ్య గుడ్డ మౌనంగా ఉంటే, ఆ మధ్య ఉన్న 27 అంగుళాల కిటికీలు గౌనుకు సరిపోతాయి.

ధర్మవరం చీరతో కుట్టిన గౌను మొదటిసారి వేసుకుని వచ్చాక చంకల వెనక కుట్లను, రెండు అంతస్తుల మధ్య కుట్టును వెలుతురుకు పట్టి చూశారు. ఎడమ చంక వెనక అరంగుళం మేర దారాలు జరిగాయి, తెగలేదు. ఆ కుట్టును విప్పి పావు అంగుళం వదులు చేశారు. ఇప్పుడా గౌనును మడవకుండా, మెత్తని పాత దుప్పటిలో చుట్ట చుట్టి బీరువాలో పెడుతున్నారు.